‘చెరపడం’ అనాలా, ‘ఏరివేత’ అనాలా?

సుజాత: రాత్రి ఆకాశం ఫొటోల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. చాలా ఫ్రేములు కలిపి ఒక్క ఫొటో చేసేటప్పుడు ఉపగ్రహాల గీతలు, సెన్సర్‌లో ఊరికే వెలిగే హాట్ పిక్సెళ్లు తీసేస్తారు కదా, ఆ రిజెక్షన్‌కి ‘చెరపడం’ అని రాశాను. చదివినవాళ్లు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

వేణు: చెరపడమే కదండీ. నేను ఫోన్‌లో బ్రష్‌తో గీత మీద రుద్దుతాను, పోతుంది. కాకపోతే మొన్న గీతతో పాటు రెండు నక్షత్రాలు కూడా పోయాయి.

మూర్తి: వేణుగారూ, మీరు చేసింది చెరపడమే. గీత కింద ఏముందో బ్రష్‌కి తెలియదు, పక్కనున్న ఆకాశం తెచ్చి అతికిస్తుంది. సుజాతగారు అడిగింది వేరే పని. అక్కడ సాఫ్ట్‌వేర్ ఒకే చోటును అన్ని ఫ్రేముల్లోనూ చూస్తుంది. ఉపగ్రహం ఆ చోటు దాటింది ఒక్క ఫ్రేములోనే. ఆ ఒక్క విలువను ఏరి పక్కన పెట్టి మిగతావాటికి సగటు కడుతుంది. గీత కింద నక్షత్రం ఉంటే అది మిగతా ఫ్రేముల నుంచి వచ్చేస్తుంది. అందుకే నా ఓటు ‘ఏరివేత’కి.

సుజాత: బాగుంది. కానీ నా 10 ఫ్రేముల్లో, సగటుకి ఇన్ని సిగ్మాల అవతలున్న విలువలను ఏరే మామూలు సిగ్మా క్లిప్పింగ్‌ని 3 దగ్గర పెడితే గీత పలచబడింది గానీ పోలేదు. ఏరలేదేం మరి?

మూర్తి: ఏరలేదు. లెక్క చూడండి. 9 ఫ్రేముల్లో ఆ పిక్సెల్ విలువ 200, గీత పడ్డ ఫ్రేములో 1200 అనుకుందాం. సగటు 300, విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే సిగ్మా 316 దాకా వస్తుంది. 1200కీ సగటుకీ తేడా 900, అంటే 2.85 సిగ్మాలే. 3 దాటలేదు కాబట్టి వదిలేసింది. చోద్యం ఏమిటంటే గీత 12000 ఉన్నా అదే 2.85 వస్తుంది, ఎందుకంటే గీత తన వెలుగుతో సిగ్మాను కూడా పెంచేస్తుంది. అదే 20 ఫ్రేములైతే 4.25 వస్తుంది, హాయిగా దొరికిపోతుంది. తక్కువ ఫ్రేములున్నప్పుడు విన్సరైజ్డ్ పద్ధతి నయం. విపరీతపు విలువలను ముందు లోపలికి లాగి, ఆ తర్వాతే సిగ్మా కడుతుంది.

అనిత: ఇంత లెక్కెందుకు? సగటు బదులు నడిమి విలువ తీసుకునే మీడియన్ పెట్టేస్తే గీతలు వాటంతటవే పోతాయి.

మూర్తి: పోతాయి, నిజమే. కానీ ఫ్రేములు చాలా ఉన్నప్పుడు సగటుతో పోలిస్తే మీడియన్‌లో నాయిస్ దాదాపు 25 శాతం ఎక్కువ. అంత కష్టపడి తెచ్చుకున్న సన్నటి నక్షత్రాలు అందులో మునిగిపోతాయి.

కిరణ్: హాట్ పిక్సెల్‌కి ‘వేడి చుక్క’ అందామంటే మన భాషలో చుక్కంటే నక్షత్రం కూడానాయె!

మూర్తి: సాఫ్ట్‌వేర్‌కీ అదే తికమక. హాట్ పిక్సెల్ సెన్సర్‌లో ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. ట్రాకింగ్ బ్రహ్మాండంగా ఉండి ప్రతి ఫ్రేమూ ఒకేలా పడితే అది అన్ని ఫ్రేముల్లోనూ అక్కడే కనిపిస్తుంది. ఇక ఏరివేత దాన్ని నిజమైన నక్షత్రమనే నమ్ముతుంది. అందుకే ఫ్రేముల మధ్య కెమెరా గురిని కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ జరపాలి, డిథరింగ్ అంటారు. నక్షత్రాలను కుదిర్చి ఫ్రేములు పేర్చగానే హాట్ పిక్సెల్ ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట పడి దొరికిపోతుంది. లెన్స్‌కి మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్, అదే ఐఎస్‌వో, అదే ఉష్ణోగ్రతలో తీసిన డార్క్ ఫ్రేములు హాట్ పిక్సెళ్లను చాలావరకు తీసేస్తాయి గానీ, అన్నీ పోవు.

అనిత: సరే, ఏరివేతలో నిజమైన నక్షత్రం పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

మూర్తి: ఏరేసిందేమిటో చూడాలి. ఫ్రేములు పేర్చే సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా ఇస్తే ఏరివేత మ్యాపులు కూడా రాస్తుంది:

```
stack r_pp_light rej w 3 3 -norm=addscale -rejmaps
```

మరీ ఎక్కువ విలువలను ఏరిన మ్యాపులో గీతలు, చెదురుమదురు చుక్కలు కనిపిస్తే మంచిదే. నక్షత్రాలున్న చోటల్లా చుక్కలు కనిపిస్తే నక్షత్రాల నడిబొడ్డు కొరికేస్తోందన్నమాట. అలాంటప్పుడు సాధారణంగా ఎక్కువ ఫ్రేముల్లో ఫోకస్ చెడి ఉంటుంది. బాగా పడ్డ కొద్ది ఫ్రేముల్లోని నక్షత్రం వాటికంటే మరీ వెలుగుగా ఉండి, అదే తప్పుడు విలువలా కనిపిస్తుంది. చెడ్డ ఫ్రేములు తీసేయండి, లేదా పై హద్దు అయిన రెండో 3ని 4 చేయండి.

కిరణ్: నాకు వేరే గొడవ. వైడ్ లెన్స్‌తో తీస్తే చిన్న నక్షత్రాలు ఒకటే పిక్సెల్ అంత ఉంటున్నాయి. ఒక్కో ఫ్రేములోనే హాట్ పిక్సెళ్లను వెతికి సరిచేసే కాస్మెటిక్ కరెక్షన్ ఆన్ చేశానంటే హాట్ పిక్సెళ్లతో పాటు అవీ పోతున్నాయి.

మూర్తి: ఒక్క ఫ్రేము చూసి అయితే ఆ రెంటినీ వేరు చేయడం నాకూ చేతకాదు. మామూలుగా నక్షత్రం వెలుగు చుట్టూ రెండు మూడు పిక్సెళ్లకు పాకుతుంది, హాట్ పిక్సెల్ పక్కవాటిని అంటదు. మీ లెన్స్‌లో ఆ తేడా లేదు. కాస్మెటిక్ కరెక్షన్ ఆపి, డిథరింగ్ మీద ఆధారపడండి.

కిరణ్: ట్రైపాడ్ మీద తీస్తాను, ట్రాకర్ లేదు.

మూర్తి: ఇంకా మంచిది, ఆకాశమే కదులుతోంది. కాకపోతే ఒకే దిక్కుకి కదులుతుంది కాబట్టి, ఏరివేత తర్వాత మిగిలిన సన్నటి హాట్ పిక్సెళ్లు వరసకట్టి చారల్లా కనిపించవచ్చు. మధ్యమధ్య గురి కాస్త మార్చండి.

సుజాత: ‘ఏరివేత’ తీసుకుంటాను. కానీ డార్క్ ఫ్రేము తీసివేతకి ఆ మాట నప్పదు కదా?

వేణు: దానికి ‘తీసివేత’ చాలదా అండీ?

అనిత: తీసివేత, ఏరివేత పక్కపక్కనే వస్తే చదివేవాళ్లకి అయోమయమే. నాకైతే రిజెక్షన్ అనే ఉంచేయాలనిపిస్తోంది.