ఆదాయం స్క్రీన్‌షాట్ నిజమైనదే అయితే కోర్సును నమ్మవచ్చా?

ప్రశ్న: సరుకు నిల్వ ఉంచుకోకుండా ఆన్‌లైన్‌లో అమ్మే డ్రాప్‌షిప్పింగ్‌నూ, ట్రేడింగ్‌నూ నేర్పుతామనేవారు ఖరీదైన కార్లతో పాటు ఆదాయం స్క్రీన్‌షాట్లు కూడా చూపిస్తున్నారు. ఆ స్క్రీన్‌షాట్ నిజమైనదని తేలితే డబ్బు కట్టవచ్చా?

మొదటి సభ్యుడు: బ్రౌజర్‌లోనే పేజీలోని అంకెలను మార్చి స్క్రీన్‌షాట్ తీయవచ్చు కనుక, ఒట్టి బొమ్మను నమ్మకండి. మీ ఎదుటే ఖాతాలోకి లాగిన్ అయి, పేజీని రీఫ్రెష్ చేసి చూపిస్తే మాత్రం సందేహించాల్సిన పని లేదు.

ఆన్‌లైన్ దుకాణం నడిపే సభ్యురాలు: అంకె అసలైనదైనా సందేహం తీరదు, ఎందుకంటే ఆన్‌లైన్ దుకాణాలు నడపడానికి వాడే షాపిఫై తెరపై పెద్దగా కనిపించే Total sales అమ్మకాల మొత్తమే తప్ప లాభం కాదు. ఒక నెలలో 1,00,000 అమ్మకాలు జరిగాయనుకుందాం. సరుకుకూ రవాణాకూ 40,000, ప్రకటనలకు 42,000, చెల్లింపుల రుసుముకు 3,000, యాప్‌లకు 2,000 పోయాక 13,000 మిగులుతుంది. తిరిగొచ్చిన సరుకుకు వాపసు ఇవ్వాల్సిన 8,000 కూడా తీసేస్తే చేతికి వచ్చేది 5,000 మాత్రమే. ప్రకటనల ఖర్చు ఎనిమిదో వంతు పెరిగినా ఆ నెల నష్టమే. పైగా వాపసులు కొన్ని వారాల తరువాత వస్తాయి కాబట్టి, అమ్మకాలు జోరుగా సాగిన రోజున తీసిన చిత్రంలో అవి కనిపించవు. అందుకే నేనైతే అదే వ్యవధికి సంబంధించిన ప్రకటనల బిల్లునూ, బ్యాంకు ఖాతా వివరాలనూ పక్కపక్కన పెట్టి చూపమంటాను.

ట్రేడింగ్ కోర్సు కొన్న సభ్యుడు: నాకు నేర్పినాయన చూపిన ఖాతా నిజమైనదే. అయితే ఆయనకు ఇంకా ఎన్ని ఖాతాలున్నాయో, వాటిలో ఎంత పోయిందో మాకు తెలియదు. ట్రేడింగ్‌కు వాడే మెటాట్రేడర్ సాఫ్ట్‌వేర్‌లో ఖాతాను చూడటానికి మాత్రమే పనికివచ్చే ఇన్వెస్టర్ పాస్‌వర్డ్ ఉంటుంది, దానితో ఎవరూ లావాదేవీలు చేయలేరు. అది అడిగితే ఆయన ఇవ్వలేదు. తాను పంపిన లింకు ద్వారానే బ్రోకరు వద్ద ఖాతా తెరవమని మాత్రం పట్టుబట్టారు. మేము ట్రేడ్ చేసిన ప్రతిసారీ, గెలిచినా ఓడినా, ఆయనకు కమిషన్ వెళ్తుందని తరువాత తెలిసింది.

మరో సభ్యుడు: అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. నేర్పినందుకు రుసుము తీసుకోవడం తప్పు కాదు, ప్రకటనలు పెట్టడం నేను ఒక కోర్సులోనే నేర్చుకున్నాను. కష్టపడనివారు ఓడిపోతే గురువు ఏం చేస్తాడు?

దుకాణం నడిపే సభ్యురాలు: రుసుము తీసుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు, కానీ ఓటమిని కష్టపడకపోవడానికే అంటగట్టడం అన్యాయం. 2018లో ఐరోపా నియంత్రణ సంస్థ ఎస్మా, ధరల హెచ్చుతగ్గులపై అప్పు బలంతో చేసే ట్రేడింగ్ ఒప్పందాలైన సీఎఫ్‌డీలలో 74 నుంచి 89 శాతం సామాన్య మదుపరుల ఖాతాలు నష్టపోతున్నాయని తెలిపింది. వారంతా సోమరులని ఎలా అంటాం? విలాసాన్ని చూపి కోర్సు అమ్మేవారు, ఆ కారు వ్యాపార లాభంతో కొన్నదో, కోర్సు రుసుములతో కొన్నదో, అద్దెకు తెచ్చినదో కూడా చెప్పాలి.

మరో సభ్యుడు: ఒకరి సొంత లెక్కలు అంత లోతుగా అడిగే హక్కు విద్యార్థికి ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

దుకాణం నడిపే సభ్యురాలు: ఆ లెక్కల్లో సగం చూపించి రుసుము అడుగుతున్నది వారే కదా, మిగతా సగం మనం అడుగుతున్నాం.