అప్‌డేట్: ఆ 24.80ని తీసేశాను, కానీ మరో 3 టైట్రేషన్లు చేశాకే

నా ప్రశ్న: “బ్యూరెట్ రీడింగులు 24.62, 24.65, 24.60, 24.80 మి.లీ. వచ్చాయి. చివరిది తీసేయొచ్చా? సగటుకు 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఎంత?”

మీరు చెప్పినట్టే డిక్సన్ క్యూ టెస్ట్ చేశాను. అనుమానపు విలువకూ దాని పక్క విలువకూ తేడా 0.15, మొత్తం వ్యాప్తి 0.20, కాబట్టి Q = 0.75. నాలుగు రీడింగులకు 95% దగ్గర హద్దు 0.829. దాటలేదు, అందుకే ఉంచాను. అప్పుడు ఇంటర్వల్ 24.67 ± 0.14 అయింది. టైట్రేషన్‌కి ఇది మరీ వెడల్పు. నాలుగే రీడింగులైతే t విలువే 3.182 మరి!

అదే ద్రావణంతో ఇంకో మూడు చేశాను: 24.63, 24.61, 24.64. చిత్రంగా Q మళ్లీ 0.75 దగ్గరే ఆగింది. కానీ ఏడు రీడింగులకు హద్దు 0.568కి దిగుతుంది కదా, ఈసారి 24.80 బయటికి పోయింది. మిగిలిన ఆరింటితో:

```
x̄ = 24.625, s = 0.0187, t = 2.571
2.571 × 0.0187 / √6 = 0.020
```

అంటే 24.625 ± 0.020 మి.లీ. దాన్ని ఉంచితే 24.65 ± 0.06 వచ్చేది. రిపోర్టులో రెండూ రాశాను, తీసేసిన విలువతో సహా.

బ్యూరెట్ మొనలో గాలి బుడగ ఉండి మధ్యలో బయటికి పోతే రీడింగ్ ఇలాగే ఎక్కువ చూపిస్తుంది. నోట్‌బుక్‌లో అలాంటిదేమీ రాసి లేదు కాబట్టి కారణం అదేనని చెప్పను. మిగిలిన ఆరింటి మీద మళ్లీ క్యూ టెస్ట్ చేయలేదు, అది ఒక్కసారికే. ఇక ప్రామాణిక ద్రావణం గాఢతలోనే తప్పుంటే ఈ ± 0.020 దాన్ని పట్టుకోదు. అందుకే దాన్ని విడిగా స్టాండర్డైజ్ చేస్తున్నాను.