దివిటీలు కొట్టేది నరకాసురుడి కోసమా, పితృదేవతల కోసమా?

దీపావళి సాయంత్రం గోగు పుల్లలకి నూనెలో తడిపిన గుడ్డ వత్తులు కట్టి, వెలిగించి, పిల్లల చేత "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అనిపిస్తూ నేలకి కొట్టిస్తాం కదా, అది అసలు ఏ కథకి చెందింది? మా అమ్మాయి అడిగింది, సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

సత్యభామ నరకుణ్ణి చంపింది అని చెబితే, "అది చతుర్దశి కదా, మరి దీపాలు అమావాస్య నాడెందుకు?" అంటోంది. ఉత్తరాది వాళ్ళకైతే రాముడు అయోధ్యకి తిరిగొచ్చిన రోజు. జైనులకి మహావీరుడు పావాపురిలో నిర్వాణం పొందిన రోజు, జ్ఞానజ్యోతి వెళ్ళిపోయింది కాబట్టి ఆ లోటుకి దీపాలు పెట్టారంటారు, అంటే అక్కడ వెలుగు గెలుపుకి గుర్తు కానే కాదు. నాకు అన్నిటికన్నా ఇదే నచ్చింది, ఎందుకో.

మా అత్తగారి మాట ఇంకొకటి. మహాలయ పక్షంలో వచ్చిన పెద్దలు తిరిగి వెళ్ళేటప్పుడు దారి కనబడాలని అమావాస్య చీకట్లో దివిటీ చూపిస్తారట, దీన్నే ఉల్కాదానం అంటారని చెప్పారు. ఇదైతే అమావాస్యకీ దివిటీకీ రెండిటికీ కుదురుతుంది, పైగా ఇందులో చీకటి మీద గెలుపేమీ లేదు, దారి చూపడమే.

మీ ఇళ్ళల్లో దివిటీ దక్షిణం వైపు చూపిస్తారా? అప్పుడేమైనా శ్లోకం చెబుతారా? తెలంగాణలో ఈ దివిటీల ఆనవాయితీ ఎక్కడెక్కడ ఉందో కూడా తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.