అప్‌డేట్: మీడియా కిట్‌లో అంకెలు మార్చాక

నా పాత ప్రశ్న: "నా వంటల పేజీ అంకెలు, పాత పనులు, రేట్లు చూపించే మీడియా కిట్‌ను బ్రాండ్లకు పంపితే, వాళ్లు మళ్లీ అంకెల రుజువు అడుగుతున్నారు. ఏం మార్చాలి?"

సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అసలు చిక్కు సగటు వ్యూస్ దగ్గరే ఉంది. చివరి 10 రీల్స్‌లో తొమ్మిదింటికి దాదాపు 10,000 చొప్పున, వైరల్ అయిన ఒక్క దానికి 4,10,000 వచ్చాయి. సగటు తీస్తే 50,000! బ్రాండ్ మనిషి పేజీ తెరిచి చూస్తే ఆ అంకె ఎక్కడా కనిపించదు. అందుకే ఇప్పుడు "సాధారణంగా ఒక రీల్‌కు 10,000" అని రాసి, వైరల్ రీల్‌ను విడిగా చూపించాను. పక్కనే తేదీలు కనిపించే ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ పెట్టాను. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఫాలోవర్లను కలిపి చెప్పడం మానేశాను. రెండు చోట్లా ఉన్నవాళ్లు రెండుసార్లు లెక్కకొస్తారు.

పాత బ్రాండ్ల లోగోల వరుస తీసేశాను. డబ్బు తీసుకున్నవి, ఉత్పత్తి మాత్రమే ఇచ్చినవి వేరు చేసి, ఒక్కోదానికి ఏం చేశానో ఒక వాక్యం రాశాను.

రేట్లు మాత్రం చిన్న పట్టికలోకి వచ్చాయి. రీల్ ధర ఒక వరుస, ఆ వీడియోను బ్రాండ్ తన ప్రకటనగా 30 రోజులు వాడుకుంటే అదనపు రుసుము మరో వరుస. కింద జీఎస్టీ విడి అని, ధరలు ఏ తేదీ వరకు చెల్లుతాయో రాశాను. బేరం ఆగలేదు, రుజువు అడగడం మాత్రం తగ్గింది.