నాన్న పొట్టలో నీరు: ఉప్పు మానేశాం, పప్పు ఆపేశాం, అయినా ఉబ్బుతోంది

గుంటూరు_అమ్మాయి: నాన్నకు 58 ఏళ్లు, సిర్రోసిస్. ఈ నెలలో రెండోసారి పొట్టలో నీళ్లు తీయించాం, మొన్న 6 లీటర్లు. కూరలో ఉప్పు దాదాపు మానేశాం. ప్రొటీన్ ఎక్కువైతే మతి తప్పుతుందని పెద్దమ్మ అంటే పప్పు, గుడ్డు కూడా ఆపేశాం. పొట్ట మళ్లీ ఉబ్బుతోంది, చేతులు మాత్రం పుల్లల్లా అయిపోయాయి.

రమణ77: నాది గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అక్కా, రోజూ నడిస్తే తగ్గింది. మీ నాన్నగారిది ఏ గ్రేడ్?

అమ్మకొడుకు: రమణ గారూ, ఆ గ్రేడ్ స్కానింగ్‌లో కనిపించే కొవ్వుకి, ఇది వేరు. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడినా పని నెట్టుకొచ్చే దశ ఒకటి, చేతులెత్తేసే దశ ఒకటి. పొట్టలో నీరు చేరిందంటే రెండోదే. మా అమ్మని మూడేళ్లు చూసుకున్నాను. అమ్మాయీ, పచ్చళ్లు కూడా మానేశారా?

గుంటూరు_అమ్మాయి: కూర చప్పగా ఉంటే ముద్ద దిగట్లేదని ఒక్క మాగాయ ముక్క వేస్తున్నాం.

అమ్మకొడుకు: అదిగో. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీస్పూను. మేం పొద్దున్నే అమ్మ వాటా ఉప్పు చిన్న డబ్బాలో పోసి, అందులోంచే వంటకు తీసేవాళ్లం. అప్పడం, పచ్చడి ఇంట్లోకే రానివ్వలేదు. రుచికి నిమ్మకాయ, మిరియాలు.

పప్పు, గుడ్డు ఆపడం మాత్రం పొరపాటు. అది పాతకాలం సలహా. కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, అదీ నీటి బరువు తీసేసి లెక్కేయాలి. 55 కిలోలనుకుంటే కనీసం 66 గ్రాములు. గుడ్డుకి వచ్చేది ఆరే, కాబట్టి పప్పు, పెరుగు, చేప అన్నీ కావాలి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు తన కండే కరిగించుకుంటుంది, అందుకని పడుకునే ముందు పాలు, ఇడ్లీ ఏదో ఒకటి పెట్టండి. మతి తప్పేది చాలాసార్లు మలబద్ధకం వల్లో, ఇన్ఫెక్షన్ వల్లో.

భాస్కర్_వైజాగ్: సైంధవ లవణం వాడండి, లేదంటే లో సోడియం ఉప్పు. పచ్చడి తిప్పలు తప్పుతాయి.

అమ్మకొడుకు: సైంధవంలోనూ సోడియమే కదండీ. లో సోడియం ఉప్పులో పొటాషియం కలుపుతారు, పొట్టలో నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్ర వేసుకునేవాళ్లకి రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ముప్పు.

శ్రీలత_హైద్: మా మామగారు చప్పిడి తిండి వల్ల అసలు తినడమే మానేస్తే, ముందు కడుపు నిండనివ్వండి, ఉప్పు కాస్త సడలించండి అన్నారు డాక్టర్.

అమ్మకొడుకు: మా డాక్టర్ ససేమిరా అన్నారు. ఎవరిది సరైనదో నేను చెప్పలేను.

గుంటూరు_అమ్మాయి: మధ్యాహ్నం నుంచి 100 జ్వరం, పొట్ట నొప్పి అంటున్నారు. డైక్లోఫెనాక్ ఉంది, వేయనా?

అమ్మకొడుకు: వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. తెల్లారేదాకా ఆగకండి, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ నీటికి ఇన్ఫెక్షన్ పట్టిందేమో టెస్ట్ చేయమని అడగండి.