రెండూ పిక్సెల్ బొమ్మల ఆటలే, మరి ఒకటి పరుగెత్తుతుంటే ఇంకొకటి ఎందుకు ఈడ్చుకుంటూ నడుస్తుంది?

పాత ల్యాప్‌టాప్: విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఎనిమిదేళ్ల ల్యాప్‌టాప్ నాది. సెలెస్ట్ ఆట ఎక్కడా తడబడదు. నోయిటాలో మాత్రం పేలుళ్లు మొదలైతే నత్తనడకే. కంటికి రెండూ ఒకే రకం బొమ్మలు. తేడా ఎక్కడుంది?

భార్గవ: కోడ్ సరిగా రాయకపోవడమే. వాంపైర్ సర్వైవర్స్ మొదట జావాస్క్రిప్ట్‌లో ఉండేది, శత్రువులు గుంపులుగా ముసిరితే కుంటుపడేది. 2023లో యూనిటీకి మార్చాక తేరుకుంది. బొమ్మలు మారలేదు, ఇంజిన్ మారింది.

శారద: ఆ ఆట సంగతి నిజమే భార్గవ గారూ, కానీ ఆ నింద నోయిటాకు అంటగట్టడం అన్యాయం. దాని ఇంజిన్‌ను నొల్లా గేమ్స్ వాళ్లు ప్రతి పిక్సెల్‌నూ విడిగా లెక్కించే పని కోసమే రాసుకున్నారు.

సెలెస్ట్ తెర 320×180, అంటే 57,600 పిక్సెళ్లు. అందులో గోడ ఎప్పటికీ గోడే. కదిలే నాలుగైదు వస్తువుల లెక్క చూసుకుంటే చాలు. నోయిటాలో పిక్సెల్ అంటే బొమ్మలో ముక్క కాదు, పదార్థం. ఇసుక రేణువు కింద ఖాళీ ఉందా అని చూసుకుంటుంది, లేకపోతే ఏటవాలుగా జారుతుంది. నూనె నీటి మీద తేలుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

అన్నింటినీ ప్రతిసారీ లెక్కించడం ఏ కంప్యూటర్‌కైనా కష్టం. అందుకే లోకాన్ని 64×64 గడులుగా కోసి, ఒక్కో గడిలో కదలిక ఉన్న మేరకే లెక్కిస్తారు. నిశ్శబ్దంగా ఉన్న గుహ అందుకే తేలిక. నూనె పీపా పేలితే నిద్రపోతున్న గడులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. పనిని ప్రాసెసర్ కోర్లకు పంచుతారు గానీ, రేణువు పక్క గడిలోకి దూకగలదు కాబట్టి ఇరుగుపొరుగు గడులను ఒకేసారి ముట్టుకోరు. చదరంగం బల్ల మీదలా గడులను ఎడంగా ఎంచుకుంటూ నాలుగు విడతలుగా చేస్తారు. భారమంతా ప్రాసెసర్‌దే.

రైలు పట్టాలు: నాదీ ఇదే గోడు! ఫ్యాక్టోరియోలో కర్మాగారం పెద్దదై ఆట మందగించింది. దుకాణంలో చెప్పిన మాట నమ్మి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాను, రవ్వంత కూడా మారలేదు. ఏ కార్డు కొనాల్సింది?

శారద: ఏ కార్డూ కాదండీ. F4 నొక్కి `show-fps` పెట్టండి. అక్కడ కనిపించే UPS, అంటే ఆట సెకనుకు ఎన్నిసార్లు తన లెక్కలు చేస్తోందో ఆ సంఖ్య, అరవై కన్నా తగ్గితే కర్మాగారం లెక్కలు సమయానికి పూర్తి కావడం లేదని అర్థం. అక్కడ ప్రాసెసర్, దాని క్యాష్, మెమరీ వేగమే ముఖ్యం.

పాత ల్యాప్‌టాప్: నోయిటా విండోను చిన్నది చేసి చూశాను. పేలుడు దగ్గర అంతే నెమ్మది. ఊరికే నిలబడితే హాయిగా నడుస్తోంది.

శారద: అయితే మీ దగ్గర అడ్డు ప్రాసెసరే. విండో తగ్గిస్తే వేగం పెరిగి ఉంటే గ్రాఫిక్స్‌ను అనుమానించేదాన్ని.

భార్గవ: నోయిటాకు ఒప్పుకుంటాను. కానీ ఇసుకా నూనే లేని మామూలు పిక్సెల్ ఆటలు కూడా ఫ్యానును హోరెత్తిస్తున్నాయి. వాటిని వెనకేసుకు రావడానికి నాకు కారణం దొరకడం లేదు.