అమ్మానాయిన పేరు మీద ఎఫ్‌డీల ల్యాడర్: నెల నెల వడ్డీ రావాలె, కావాల్నంటే తీయరావాలె

కాజీపేట_పోరడు
మా నాయిన ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైరైండు, అన్నీ కలిపి 22 లక్షలు చేతికొచ్చినయ్. పీఎఫ్ పెన్షన్ మందులకే సరిపోతలేదు. నెలకు పదివేలన్న వడ్డీ రావాలె, అమ్మకు షుగర్ ఉంది కాబట్టి దవాఖానకు లక్షో రెండు లక్షలో కావాల్నంటే వెంటనే తీయరావాలె. ఏడాదికొకటి తీరేటట్టు ల్యాడర్ పెట్టమంటున్నరు. ఎన్ని ముక్కలు చేయాలె, ఎవరి పేరు ముందు పెట్టాలె, వడ్డీ నెలకా మూణ్ణెల్లకా? చేసినోళ్లు చెప్పుర్రి.

నర్సంపేట_సార్
ఇంత ఆలోచన ఎందుకు తమ్మీ. మొత్తం 22 లక్షలు ఒకటే ఎఫ్‌డీ ఐదేండ్లకు పెట్టెయ్యి, ఇప్పుడున్న రేటు ఐదేండ్లు లాక్ అయితది. మధ్యల అవసరమైతే విరగ్గొడితే అర శాతమో శాతమో పెనాల్టీ పడ్తది, అంతే. నేను మా కుటుంబంల అందరి డిపాజిట్లు చూస్త, నాకు తెలుసు.

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
సార్, "అంతే" కాదు. అసలు దెబ్బ పెనాల్టీ తాన లేదు. ఐదేండ్లకు పెట్టింది 14 నెలలకు విరగ్గొడితే ఐదేండ్ల రేటు ఇయ్యరు, పెట్టిన రోజు 14 నెలల రేటు ఎంతుండెనో అది తీసుకుంటరు, దాంట్లకెల్లి పెనాల్టీ కొడ్తరు.

లెక్క చూడుర్రి. ఐదేండ్ల రేటు 6.75 అనుకుందాం, ఏడాది పైచిల్లర రేటు 6.5 అనుకుందాం. 20 లక్షల ఒకటే రసీదు మీద 14 నెలల్ల 1,57,500 వడ్డీ ఇచ్చేసి ఉంటరు. 5 లక్షలు దాటిన డిపాజిట్‌కు శాతం పెనాల్టీ ఉన్న బ్యాంకుల 5.5 కే లెక్క కడ్తరు, అంటే 1,28,333. ఎక్కువ ఇచ్చిన 29 వేల పైచిలుకు అసల్లకెల్లి కోస్తరు. నీకు కావాల్సింది లక్షనే, కోత మాత్రం 20 లక్షల మీద. మామూలు ఎఫ్‌డీల కొంచెం తీసుకొని కొంచెం ఉంచుడు చాన బ్యాంకులల్ల కుదరదు.

అదే 2 లక్షల రసీదులు పది చేస్తే ఒక్కటే విరగ్గొడ్తవు. చిన్న మొత్తానికి పెనాల్టీ అర శాతం అనుకుంటే 15,750 ఇచ్చిన కాడ 14,000 వస్తది, పోయేది 1,750.

తమ్మీ, నీకు నేను చెప్పేది ఇది. 2 లక్షలు సేవింగ్స్‌ల ఉంచు. మిగిలిన 20 లక్షలు ఏడాదికి రెండు రసీదుల లెక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదేండ్లకు పెట్టు. సగటున 6.5 వచ్చిందనుకో, ఏడాదికి 1,30,000, నెలకు 10,800 దాక. నెల వడ్డీ పెట్టుకుంటే బ్యాంకు ముందుగాల ఇస్తది కాబట్టి ఓ యాభై అరవై తగ్గుతది, దానికోసం పెద్దోళ్లను మూణ్ణెల్లు ఆపొద్దు. ఏటా తీరిన 4 లక్షలు అవసరం లేకుంటే మళ్ల ఐదేండ్లకు పెట్టాలె. అట్ల నాలుగేండ్లు పోయేసరికి అన్నీ ఐదేండ్ల రేటు మీదనే ఉంటయ్, అయినా ఏటా 4 లక్షలు చేతికొస్తనే ఉంటయ్.

నర్సంపేట_సార్
మేనేజర్ గారు, విరగ్గొట్టుడు అందరికీ రాదు. అయినా ఎఫ్‌డీ మీద లోన్ తీసుకోవచ్చు కద, 90 శాతం దాక ఇస్తరు, ఎఫ్‌డీ రేటు కంటే శాతం ఎక్కువ వడ్డీ. విరగ్గొట్టే పనే లేదు.

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
రెండు మూడు నెలల్ల కట్టేది ఉంటే లోనే మంచిది, ఒప్పుకుంట. కని దవాఖాన బిల్లు కట్టినంక రిటైరైన మనిషి తిరిగి యాడికెల్లి కడ్తడు?

ములుగురోడ్_అత్తమ్మ
ముక్కలు, రేట్లు తర్వాత. ముందు ఎఫ్‌డీ ఫారం చూసుకోండి నాయనా. మా ఆయన చనిపోయి నెల తిరగకముందే డబ్బులు కావాల్సొచ్చి బ్యాంకుకు పోయిన. ఇద్దరి పేర్ల మీద ఉంది, ఎయిదర్ ఆర్ సర్వైవర్ అని రసీదు మీదనే రాసుంది. అయినా టైము కాకముందు తీయాలంటే పిల్లలందరి సంతకాలు కావాలన్నరు. నా పెద్దకొడుకు దుబాయ్‌ల ఉంటడు. ఆ కాయితం వచ్చేదాక నా పైసలకు నేనే అడుక్కున్నట్టయింది.

హన్మకొండ_లా
ఆ మేనేజర్ మిమ్మల్ని మోసం చేసిండమ్మా. ఎయిదర్ ఆర్ సర్వైవర్ అంటేనే బతికున్నోళ్లు తీసుకోవచ్చు అని. మీరు కంప్లైంట్ పెట్టాల్సింది. నామినీ కూడా ఉంటే ఇంక ఎవల సంతకం అక్కర్లేదు.

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
తప్పు చెప్పకుర్రి. గడువు తీరినంక బతికున్నోళ్లు ఒక్కరే తీసుకోవచ్చు, అది నిజం. గడువుకు ముందు తీయాలంటే, ఒకరు పోతే మిగిలినోళ్లు ఒక్కరే విరగ్గొట్టుకోవచ్చని ఇద్దరూ బతికుండంగనే సంతకం చేసి ఇచ్చి ఉండాలె. అది లేకుంటే వారసుల ఒప్పుదల అడుగుతరు. రిజర్వ్ బ్యాంకే ఈ మాట బ్యాంకులకు రాసింది. నామినీ సంగతి ఇద్దరూ పోయినప్పుడే.

హన్మకొండ_లా
రూల్ ఉంటే ఖాతా తెరిచేటప్పుడే చెప్పాలె కద? కౌంటర్‌ల ఒక్కరన్న చెప్తరా? కస్టమర్ది తప్పంటరేంది?

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
అత్తమ్మ తప్పని నేను అనలే. మీరు నోటికొచ్చింది చెప్తే ఇంకో పది మంది అదే నమ్ముతరు, అదీ నా బాధ.

ములుగురోడ్_అత్తమ్మ
మీరిద్దరు కొట్లాడకండి. ఆ సంతకం ఇప్పుడు చేస్తే చెల్లుతదా, డిపాజిట్ పెట్టి ఏడాదయినంక? మా చెల్లె మొగుడు పెండ్లాలవి ఉన్నయ్.

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
చెల్లుతదమ్మా. డిపాజిట్ నడుస్తున్నప్పుడు ఎప్పుడైనా ఇద్దరూ పోయి ఇయ్యొచ్చు. ప్రతి రసీదుకు ఎక్కిందో లేదో చూసుకోమనుర్రి.

పరకాల_పత్తి
నేను పత్తి అమ్మిన పైసలు ఎఫ్‌డీల ఎన్నడు పెట్టలే. మా దగ్గర నూటికి రూపాయిన్నరకు తీసుకుంటరు, ఏడాదికి 18 శాతం. 20 లక్షలకు నెలకు 30 వేలు. ఆరున్నర ఏం సరిపోతది?

సింగరేణి_భూపాలపల్లి
అన్నా, రిటైరైన డ్రైవర్ పైసలు చేబదులుకు ఇయ్యమంటవా? దవాఖానల ఉన్నప్పుడు ఆ తీసుకున్నోడు "పంట రానీ" అంటే ఏం చేస్తరు?

నా సంగతి చెప్త. నేను మొత్తం ఏడాది ఎఫ్‌డీలే పెట్టుకుంట వచ్చిన. 2025ల రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 6.5 నుంచి 5.25కు దిగింది, బ్యాంకులు కూడా తగ్గించినయ్. నావన్నీ ఒక్కపారే తీరి ఒక్కపారే తక్కువ రేటుకు పోయినయ్. 20 లక్షల మీద శాతం తగ్గితే ఏడాదికి 20 వేలు. ల్యాడర్ ఉన్నోనికి ఆ ఏడు తీరిన 4 లక్షల మీదనే దెబ్బ, 4 వేలు. రేట్లు పెరిగితే లాభం కూడా అంతే నిదానంగ వస్తది, అది కూడ తెలిసి ఉండాలె.

ఇంకోటి, ఆటో రెన్యువల్. ఏడాది రసీదు మళ్ల ఏడాదికే పోతది, ఐదేండ్లకు పోదు. తీరే ముందు పోయి చెప్పకుంటే ల్యాడర్ అక్కడే ఆగిపోతది.

నర్సంపేట_సార్
అయితే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమే పెట్టొచ్చు కద, 8.2 ఇస్తున్నరు. ఎవరూ ఆ మాట ఎత్తరేంది?

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
ఈసారి సార్ మాట మంచిదే. సగం దాంట్ల పెట్టినా నేను కాదనను. వడ్డీ మూణ్ణెల్లకోసారి వస్తది. ఏడాది దాటి రెండేండ్ల లోపల మూసేస్తే అసలు మీద ఒకటిన్నర శాతం కోస్తరు, ఏడాది లోపలైతే వడ్డీ మొత్తం వాపసు తీసుకుంటరు. దవాఖాన పైసలు మాత్రం ఎఫ్‌డీ ముక్కలల్లనే ఉండాలె.

సింగరేణి_భూపాలపల్లి
సగం అంటే 10 లక్షలే ల్యాడర్‌ల, ఏటా తీరేది 2 లక్షలే. షుగర్ ఉన్న మనిషికి అది తక్కువ, నేనైతే ఒప్పుకోను.

కాజీపేట_పోరడు
అందరికీ దండాలు. రెండు బ్యాంకులల్ల చెరి 10 లక్షలు, ఒక్కో కాడ సగం నాయిన పేరు ముందు, సగం అమ్మ పేరు ముందు పెడ్దామనుకుంటున్న. ఇన్సూరెన్స్ 5 లక్షలే అంటరు కద. టీడీఎస్ కొయ్యకుండ ఇచ్చే ఫారం ఇద్దరిదీ ఇయ్యాల్నా?

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
పేర్ల వరుస మారితే ఇన్సూరెన్స్ వేరే వేరే 5 లక్షలు లెక్కకొస్తది, కని అది అసలు, వడ్డీ కలిపి. నెల నెల వడ్డీ తీసుకుంటున్నరు కాబట్టి మీద పడేది కొంచెమే. టీడీఎస్ ముందు పేరున్నోళ్ల పాన్ మీద పడ్తది. ఒక బ్యాంకుల ఒక్కరికి ఏడాది వడ్డీ లక్ష దాటకుంటే సీనియర్లకు కొయ్యరు, మీకు దాటదు. అమ్మకు 60 నిండినయా? నిండకుంటే ఆమె పేరు ముందున్నయాటికి ఆ లక్ష లెక్క వర్తించదు, సీనియర్ రేటూ రాదు. అది చెప్పు ముందు.

కాజీపేట_పోరడు
అమ్మకు 57.

రిటైర్డ్_మేనేజర్_సుబేదారి
అయితే ఇప్పటికి అన్నిట్ల నాయిన పేరే ముందు పెట్టు, అర శాతం ఎందుకు పోగొట్టుకుంటవు. అప్పుడు ఒక్కో బ్యాంకుల 5 లక్షలకే ఇన్సూరెన్స్ కాబట్టి బ్యాంకులు మాత్రం రెండు కాదు, నాలుగు చూసుకో. ఇద్దరి సంతకం కాయితం నాలుగింటిలనూ ఇయ్యాలె.